‘మిక్సీ ఆగిపోయింది’ అన్న కస్టమర్ కోసం సహాయ పేజీ రాయడం

ప్రశ్న: మాది మిక్సీలు తయారు చేసే చిన్న కంపెనీ. ‘మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది’ అని రోజూ ఫోన్లు వస్తాయి. చాలాసార్లు అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కితే సరిపోతుంది. దాని మీద వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టాం, ఫోన్ చేసినవాళ్లకు లింకు కూడా పంపిస్తున్నాం. అయినా చదివి మళ్లీ ఫోన్ చేస్తున్నారు. వాళ్లంతట వాళ్లే సరిచేసుకునేలా ఆ పేజీ ఎలా రాయాలండీ?

సమాధానం:

నేను గృహోపకరణాల కంపెనీల్లో కస్టమర్ సపోర్ట్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం నా పని ఇలాంటి పేజీలు రాయడమే. సరిగ్గా మీరు అడిగిన సమస్య మీదే ఒకటి రాశాను. మొదటిసారి రాసింది పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో చెబితే మీ పేజీలో లోపం ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

అప్పుడు నేను రాసిన ముఖ్యమైన వాక్యం ఇది: ‘ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ ట్రిప్ అయినచో, యూనిట్ అడుగు భాగంలోని రీసెట్ స్విచ్‌ను నొక్కవలెను.’ ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. మా ఇంజినీరు చదివి బాగుందన్నారు. పేజీ పెట్టాక కూడా ఫోన్లు ఆగకపోయేసరికి, ఆ లింకు అందుకున్న తర్వాత కూడా ఫోన్ చేసినవాళ్ల కాల్ రికార్డింగులు తీసి వరుసగా విన్నాను. అందులో మూడు సంగతులు మళ్లీ మళ్లీ వినిపించాయి.

ఒకటి, బటన్ నొక్కినా నిలవడం లేదు, నొక్కిన వేలు తీయగానే బయటికి వచ్చేస్తోంది. కాబట్టి ‘మోటారే కాలిపోయింది’ అని వాళ్ల నిర్ణయం. రెండు, అడుగున ఏదో నొక్కితే వారంటీ పోతుందేమోనన్న భయం. బటన్ కనిపించినా ముట్టుకోలేదు. మూడోది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒకావిడ ప్లగ్ తీయకుండా, నాబ్ రెండు మీదే ఉంచి, మిక్సీని పక్కకు వంచి బటన్ నొక్కారు. మిక్సీ చేతుల్లోనే ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టింది. ఆవిడకు దెబ్బ తగలలేదు. కానీ ప్లగ్ తీయమని నా పేజీలో ఎక్కడా లేదు. రాసేటప్పుడు అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టలేదు, ఎందుకంటే మా సర్వీస్ సెంటర్‌లో మిక్సీ బల్ల మీదకు వచ్చేసరికే ప్లగ్ తీసి ఉంటుంది.

మీ పేజీలో కూడా ఇలాంటిదే జరుగుతోందని నా అనుమానం. మీరు మిక్సీ లోపలి నుంచి మొదలుపెట్టి రాస్తున్నారు. చదివేవాళ్లు వంటింట్లో, జార్‌లో సగం రుబ్బిన పిండితో, తడి చేతుల్లో ఫోన్ పట్టుకుని ఉన్నారు. వాళ్లు నిలబడ్డ చోటి నుంచి మొదలుపెట్టాలి.

ముందు శీర్షిక

వాళ్లకు ‘ఓవర్‌లోడ్ ట్రిప్’ అన్న మాట తెలియదు. వాళ్లకు తెలిసింది కనిపించేది, వినిపించేది మాత్రమే. మీ కాల్ సెంటర్ వాళ్లు రాసుకునే నోట్స్‌లో చూడకండి, అక్కడ వాళ్లు కస్టమర్ మాటను కంపెనీ మాటగా మార్చేసి రాస్తారు. రికార్డింగులు వినండి. ఒక ముప్ఫై కాల్స్‌లో మొదటి వాక్యం మాత్రం ఉన్నదున్నట్టు రాసుకుంటే చాలు. ‘నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది’, ‘స్విచ్ వేస్తే చప్పుడే లేదు’, ‘గారెల పిండి వేస్తుంటే ఆగిపోయింది’. శీర్షిక వీటిలోంచే రావాలి. కస్టమర్లలో చాలామంది గూగుల్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు కాబట్టి, పేజీ వివరణలో `mixie aagipoyindi` లాంటి మాట కూడా ఒకచోట ఉంచండి.

శీర్షిక రాసేటప్పుడే ఇంకో పని జరగాలి. ‘మిక్సీ పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదులో నిజానికి మూడు వేరు వేరు సమస్యలున్నాయి. స్విచ్ వేసినా చప్పుడే లేకపోవడం ఒకటి. ‘బుయ్’ అని మూలుగుతుంది కానీ తిరగదు, అది ఇంకొకటి. మోటారు తిరుగుతుంది కానీ జార్‌లో బ్లేడు తిరగదు, అది మూడోది. మొదటిదానికి ఎర్ర బటన్ మందు. రెండోదానిలో జార్‌లోనో మోటారులోనో ఏదో బిగుసుకుంది, స్విచ్ అలాగే ఉంచితే మోటారు నిజంగానే కాలుతుంది. మూడోదానిలో సాధారణంగా కప్లింగ్ అరిగిపోయి ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే పేజీలో కుక్కితే చదివేవాళ్లు తమది కాని దారిలో పది నిమిషాలు నడుస్తారు. పేజీ మొదట్లోనే రెండు వాక్యాల్లో ‘మీది ఇదేనా?’ అని తేల్చి, కానివాళ్లను వేరే పేజీకి పంపేయండి.

బటన్ ఎందుకు నిలవదు

ఇది మీ ఇంజినీరుకు తెలిసిన విషయమే. కానీ రాసేవాళ్లకు కూడా పూర్తిగా అర్థమై ఉండాలి. ఆ బటన్ వెనక రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ ఉంటుంది. మోటారుకు భారం ఎక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ వేడికి పట్టీ వంగుతుంది. వంగినప్పుడు కరెంటు దారి తెగిపోయి బటన్ బయటికి పొడుచుకొస్తుంది. పట్టీ చల్లారి మళ్లీ తిన్నబడితే తప్ప బటన్ లోపల నిలవదు. అంటే ఆగిన వెంటనే నొక్కితే నిలవకపోవడం చెడిపోయిన గుర్తు కాదు, ఇంకా వేడిగా ఉందన్న గుర్తు.

ఈ ఒక్క విషయం పేజీలో లేకపోవడం వల్లే మాకు ఎక్కువ ఫోన్లు తిరిగి వచ్చాయి. అందుకే ‘ఆగండి’ అని మాత్రమే రాస్తే చాలదు. ఎందుకు ఆగాలో అరవాక్యంలో చెప్పాలి, ఎంతసేపో అంకెతో చెప్పాలి. ఆ అంకెను ఊహించి రాయకండి. మీ మిక్సీనే తీసుకుని, గట్టి పిండితో కావాలనే ఆగిపోయేలా చేసి, గడియారం పెట్టి చూడండి. అది కూడా ఏసీ గదిలో కాదు. నేను మొదట ఆఫీసులో చూసినప్పుడు ఐదు నిమిషాలకే బటన్ నిలిచింది. అదే పని మే నెలలో మా వంటింట్లో, పక్కన స్టవ్ మీద అన్నం ఉడుకుతుండగా చేస్తే పది నిమిషాలు దాటింది. పేజీలో 15 నిమిషాలు అని రాశాం. మీ మోడల్‌కు ఎంతో మీరు చూసి రాయండి, వేడి వంటింటి లెక్కే వేసుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. మూడో నిమిషంలోనే వెళ్లి నొక్కుతారు. కాబట్టి ఆ సమయంలో వాళ్ల చేతికి పని ఇవ్వాలి, అది ఎలాగూ చేయాల్సిన పనే అయి ఉండాలి. జార్ తీసి అందులోంచి సగం పిండి బయటికి తీయమనండి. జార్ అడుగున ఉన్న కప్లింగ్‌ను వేళ్లతో తిప్పి చూడమనండి, సులువుగా తిరుగుతోందా లేదా అని. మిక్సీ పెట్టే ప్లగ్ పాయింట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడమనండి. ఈ మూడు పనులూ అయ్యేసరికి సమయం గడుస్తుంది, ఆగిపోవడానికి కారణం కూడా చాలావరకు దొరుకుతుంది. మా పేజీలో అన్నిటికన్నా పనిచేసిన మార్పు ఇదేనని నేను నమ్ముతాను.

కప్లింగ్ తిప్పి చూడమని రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ‘బ్లేడు తిరుగుతోందో లేదో చూడండి’ అని రాస్తే జనం జార్‌లోకి చెయ్యి పెడతారు. జార్ కింది నుంచి తిప్పమని, లోపలికి వేలు పెట్టవద్దని స్పష్టంగా రాయండి. ఎండిపోయిన పిండి జార్ అడుగున బుష్ దగ్గర చేరి గట్టిపడితే కప్లింగ్ బిగుసుకుంటుంది. అప్పుడు తప్పు జార్‌ది, మిక్సీది కాదు. ఇంకో జార్‌తో నడిపి చూస్తే విషయం తేలిపోతుంది. ఇలా తేలితే, మిక్సీ మొత్తం మోసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సినవాళ్లు ఒక్క జార్ తీసుకుని వెళ్తారు.

మేం చివరికి పెట్టిన పేజీ

పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, మా పేజీని దాదాపు ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. మీ మోడల్‌కు తగ్గట్టు మార్చుకోండి.

> మిక్సీ నడుస్తూ ఆగిపోయిందా? చప్పుడే లేదా?
>
> చాలాసార్లు మిక్సీ చెడిపోయి ఉండదు. మోటారు వేడెక్కినప్పుడు కాలిపోకుండా తనంతట తానే ఆగుతుంది. దాన్ని మీరే మళ్లీ నడిపించుకోవచ్చు. ఏ పనిముట్టూ అక్కర్లేదు, దాదాపు 20 నిమిషాలు పడుతుంది. ఈ పేజీలో చెప్పినవి చేస్తే వారంటీ పోదు.
>
> పొగ వచ్చినా, కాలిన వాసన ఘాటుగా వచ్చి తగ్గకపోయినా, మిక్సీ లోపలికి నీళ్లు వెళ్లినా ఇవేవీ చేయకండి. ప్లగ్ తీసేసి మాకు ఫోన్ చేయండి.
>
> మూలుగుతూ తిరగకపోతే, లేదా మోటారు తిరిగి బ్లేడు తిరగకపోతే సమస్య వేరు. వాటికి వేరే పేజీలున్నాయి.
>
> 1. నాబ్‌ను 0 దగ్గరికి తిప్పండి. గోడ దగ్గర స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. జార్‌ను మిక్సీ మీంచి తీయండి.
>
> 2. 15 నిమిషాలు చల్లారనివ్వండి. వేడిగా ఉండగా బటన్ నొక్కితే లోపల నిలవదు. ఈలోగా ఇవి చేయండి:
> జార్‌లో ఉన్నదాంట్లో సగం వేరే గిన్నెలోకి తీయండి. జార్‌ను కొంచెం పైకెత్తి, అడుగున ఉన్న కప్లింగ్‌ను వేళ్లతో తిప్పి చూడండి. జార్ లోపలికి వేలు పెట్టకండి. కప్లింగ్ సులువుగా తిరగాలి. గట్టిగా ఉంటే ఆ జార్ వాడకండి, ఇంకో జార్ తీసుకోండి.
> మిక్సీ ప్లగ్ పెట్టే చోట ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఫోన్ ఛార్జ్ కాకపోతే తప్పు ప్లగ్ పాయింట్‌లో ఉంది, మిక్సీలో కాదు.
>
> 3. గట్టు మీద మెత్తటి బట్ట పరిచి, మిక్సీని దాని మీద పక్కకు పడుకోబెట్టండి. అడుగున చిన్న ఎర్ర బటన్ కనిపిస్తుంది. దాన్ని వేలితో గట్టిగా లోపలికి నొక్కండి. ‘టిక్’ మని నిలుస్తుంది. నిలవకపోతే ఇంకో 10 నిమిషాలు ఆగి మళ్లీ నొక్కండి.
>
> 4. మిక్సీని నిలబెట్టండి. ఖాళీ జార్‌లో ఒక గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి, మిక్సీ మీద బిగించండి. ఇప్పుడు ప్లగ్ పెట్టి, నాబ్‌ను 1 మీద 10 సెకన్లు ఉంచండి. మామూలుగా తిరిగితే మిక్సీ బాగానే ఉంది.
>
> 5. తీసిపెట్టిన పిండిని కొంచెం కొంచెంగా వేసి రుబ్బుకోండి.
>
> నీళ్లతో కూడా ఆగిపోయినా, రెండోసారి నొక్కినా బటన్ నిలవకపోయినా, బటన్ నిలిచి మిక్సీ మాత్రం తిరగకపోయినా ఇంక ప్రయత్నించకండి. మాకు ఫోన్ చేసి ‘ఎర్ర బటన్ నొక్కి చూశాను’ అని చెప్పండి. మళ్లీ అదే చేయమని మిమ్మల్ని అడగం.

పేజీ అంతే. ‘మళ్లీ ఆగకుండా ఉండాలంటే’ అని కింద ఇంకో మూడు వాక్యాలు ఉండేవి: జార్‌లో గట్టి పిండి సగానికి మించి వేయవద్దు, మధ్యమధ్య కాసిని నీళ్లు చల్లండి, 5 నిమిషాలు నడిపితే 2 నిమిషాలు ఆపండి. ఈ చివరి అంకె మన దేశంలో చాలా మిక్సీల మాన్యువల్‌లో ఉంటుంది, మీదాంట్లో ఏముందో చూసి అదే రాయండి. ఇవి పేజీ మొదట్లో పెట్టకండి. మిక్సీ ఆగిపోయి ఉన్నప్పుడు ‘మీరు ఎక్కువ వేశారు’ అని చదవడం ఎవరికీ నచ్చదు. పైగా తప్పు తమదే అంటే వారంటీ ఇవ్వరేమో అని టెన్షన్ పడతారు. అందుకే ‘ఓవర్‌లోడ్’ అన్న మాటే తీసేసి, మోటారు తనను తాను కాపాడుకుందని రాశాం. అది నిజం కూడా.

వారంటీ వాక్యం మాత్రం మీ ఇష్టానికి రాయకండి. మీ వారంటీ చూసే విభాగం దగ్గర ఆమోదం తీసుకుని రాయండి. మా దగ్గర దానికే రెండు వారాలు పట్టింది, కానీ ఆ వాక్యం ఉంటేనే జనం బటన్ ముట్టుకున్నారు.

ప్రతి మెట్టులోనూ చేయాల్సిన పని పక్కనే, చేశాక ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో ఉందని గమనించండి. ‘బటన్ నొక్కండి’ అని వదిలేస్తే, నొక్కానో లేదో అన్న అనుమానంతోనే ఫోన్ చేస్తారు. ‘టిక్ మని నిలుస్తుంది’ అన్నప్పుడు వాళ్ల వేలికే సమాధానం తెలుస్తుంది. ఆపాల్సిన చోటు కూడా అలాగే ఖచ్చితంగా ఉండాలి. అది లేకపోతే కొందరు బటన్ పదిసార్లు నొక్కి నిజంగానే మోటారు కాలుస్తారు, ఇంకొందరు స్క్రూ డ్రైవర్ తీసుకుని అడుగు విప్పుతారు. కార్బన్ బ్రష్‌లు మార్చడం లాంటివి ఈ పేజీలోకి రానివ్వకండి. అవి తెలిసినవాళ్లు చేసే పనులు. ఇంట్లో ఎవరైనా ఆ వాక్యం చూసి మిక్సీ విప్పితే పేజీ రాసినవాళ్లదే పూచీ.

ఫొటోలు

ఈ పేజీకి రెండు చాలు. ఒకటి, పక్కకు పడుకోబెట్టిన మిక్సీ అడుగు, ఎర్ర బటన్ చుట్టూ గుండ్రం గీసి. ఇంకొకటి, జార్ కింద కప్లింగ్ మీద వేళ్లు. స్టూడియోలో తెల్ల వెనక తెర ముందు కొత్త మిక్సీతో తీయకండి. వంటింటి గట్టు మీద, నిలబడ్డ మనిషి కంటి ఎత్తు నుంచి తీయండి, వాళ్లకు కనిపించేది అదే కోణం. మేం మొదట కంపెనీ డ్రాయింగ్ పెట్టాం. దాంట్లో మిక్సీ పూర్తిగా తలకిందులుగా ఉంది. చూసినవాళ్లు కొందరు మిక్సీని అలాగే తలకిందులుగా నిలబెట్టబోయి కింద పడేశారు. తర్వాత ఫొటోలోనూ మాటలోనూ ‘పక్కకు పడుకోబెట్టండి’ అనే మార్చాం.

పాత మోడళ్లలో బటన్ నల్లగా ఉంటే ఆ సంగతి ఫొటో కింద రాయండి. అమెరికాలో మన మిక్సీని ట్రాన్స్‌ఫార్మర్ మీద వాడే కస్టమర్లు మీకుంటే వాళ్లకు ఒక వాక్యం వేరుగా ఇవ్వండి: ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజ్ చూసుకోమని. వాళ్లు బటన్ ఎంత నొక్కినా లాభం లేని సందర్భాలు మాకు వచ్చాయి.

పెట్టేముందు ఒక పరీక్ష

మీ ఆఫీసులో మిక్సీతో సంబంధం లేనివాళ్లను నలుగురైదుగురిని పిలవండి. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లు, గేటు దగ్గర ఉండేవాళ్లు, ఎవరైనా సరే. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, కావాలని ఆపేసిన మిక్సీ, ఫోన్‌లో మీ పేజీ ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా చూడండి. ఇక్కడ కష్టమంతా మాట్లాడకుండా ఉండటమే. వాళ్లు ఎక్కడ ఆగి మీ ముఖం వైపు చూస్తారో అక్కడ వాక్యం సరిగా లేదని అర్థం. మా పరీక్షలో ఒకావిడ రెండో మెట్టు దగ్గర జార్‌ను పూర్తిగా తిరగేశారు, పిండంతా గట్టు మీద పడింది. ‘జార్ అడుగున కప్లింగ్ తిప్పండి’ అని మాత్రమే రాసి ఉంది మరి. ‘కొంచెం పైకెత్తి’ అన్న మాట ఆ రోజే చేర్చాం.

పేజీ ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క చూసి సంతోషపడకండి. అది పెరగడం సమస్య పెరగడం వల్ల కూడా కావచ్చు. చూడాల్సింది, లింకు పంపిన తర్వాత అదే నంబర్ నుంచి వారంలో మళ్లీ ఫోన్ వచ్చిందా లేదా అని. వస్తే ఆ కాల్ వినండి. వాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగారో వాళ్లే చెబుతారు, ఆ మెట్టు మార్చండి. ఫోన్‌లో మాట్లాడేవాళ్లు కూడా పేజీలో ఉన్న మాటలే వాడాలి. పేజీలో ఎర్ర బటన్ అని ఉండి, ఫోన్‌లో రీసెట్ స్విచ్ అంటే అవి రెండు వేరు వేరు వస్తువులని అనుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకో విషయం. మిక్సీ ఆగిన క్షణంలో మీ వెబ్‌సైట్ ఎవరికీ గుర్తు రాదు. బటన్ పక్కనే అడుగున ‘మిక్సీ ఆగిపోతే: ప్లగ్ తీసి, 15 నిమిషాలు ఆగి, ఇది నొక్కండి’ అని చిన్న స్టిక్కర్, దాని కింద పేజీకి క్యూఆర్ కోడ్ వేయించమని మీ ఫ్యాక్టరీవాళ్లను అడగండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఉత్త లింకు కాకుండా ఆ ఒక్క వాక్యం పైన పెట్టి పంపండి. చాలామందికి పేజీ తెరిచే అవసరమే రాదు.

కొత్త మోడల్ వచ్చినప్పుడు బటన్ స్థానం, రంగు, చల్లారే సమయం మారాయా అని అడిగే బాధ్యత ఒకరి పేరు మీద రాసిపెట్టండి. మా దగ్గర ఒక మోడల్‌లో బటన్‌ను అడుగు నుంచి వెనక వైపుకు మార్చారు, మాకు ఎవరూ చెప్పలేదు. నెల రోజుల పాటు కస్టమర్లు మా పేజీ చదివి, మిక్సీ పడుకోబెట్టి, అడుగున లేని బటన్ కోసం వెతికారు.